వేలాడే బుట్ట ఒక్క రోజులో ఎండిపోతుంటే ముందు కింద బకెట్ పెట్టి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ, నాలుగో అంతస్తు, పడమటి బాల్కనీ. పది అంగుళాల కొబ్బరి పీచు బుట్టలో పెటూనియా మొక్కలు పెట్టాను. రోజూ పొద్దున కింద కారేదాకా నీళ్ళు పోస్తున్నాను. సాయంత్రానికి మొక్కలు తలవాల్చేస్తున్నాయి, మట్టి పొడిగా ఉంటోంది. రోజుకు రెండుసార్లు పోయాలా? లేక పీచు, మట్టి మార్చాలా?

జవాబు:

రెండుసార్లు పోయడం మొదలుపెట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనిపిస్తున్నది ఒకటే: మీ బుట్ట ఒక్క రోజులో ఎండిపోవడం లేదు, అది పూర్తిగా తడవడమే లేదు. ఈ రోజే, కింద చెప్పిన బకెట్ పరీక్ష చేశాక, బుట్టను దించి నీళ్ళ టబ్బులో అరగంట నానబెట్టండి. ఈ వారంలో పీచు లోపలివైపు ఒక ప్లాస్టిక్ పొర వేయండి. నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించకుండా పది నిమిషాల విరామంతో రెండు విడతలుగా పోయండి. మట్టి మిశ్రమం కూడా మార్చాలి, కానీ అది మొక్కను కదిలించినప్పుడు చేయవలసిన పని. దానికి తొందర లేదు.

కడియం ప్రాంతంలో పద్దెనిమిదేళ్ళుగా నర్సరీ పని చేస్తున్నాను. మా దగ్గర బుట్టలు కొన్నవారిలో చాలామంది నెల తిరగకుండా ఇదే మాట చెబుతారు. అందరూ వాడే ఆనవాలు కూడా ఒకటే, "కింద కారేదాకా పోశాను" అని. నేల మీద కుండీకి ఆ ఆనవాలు సరిపోతుంది. పీచు బుట్టకు సరిపోదు. ఎందుకో చెబుతాను.

బుట్టలో సాధారణంగా నింపేది కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్. తడిగా ఉన్నంతకాలం అది నీటిని చక్కగా పట్టుకుంటుంది. ఒకసారి బాగా ఎండిందంటే కొంచెం కుంచించుకుపోతుంది. అప్పుడు బుట్ట అంచు చుట్టూ, పీచుకూ మట్టికీ మధ్య, సన్నని సందు ఏర్పడుతుంది. కంటికి కనబడీ కనబడనంత సందు. పైనుంచి చెంబుడు నీళ్ళు పోస్తే అవి తేలిక దారి వెతుక్కుని ఆ సందులోకి జారి, పీచు గుండా బయటికి వచ్చేస్తాయి. పీచుకు అడుగే కాదు, ఒళ్ళంతా చిల్లులే కదా. నీళ్ళు కారుతున్నాయి కాబట్టి తడిసిందనుకుంటాం. పైన అంగుళం మందం తడిగా కనబడుతుంది కూడా. వేళ్ళున్న నడిమి ముద్ద మాత్రం పొడిగానే ఉండిపోతుంది. మధ్యాహ్నం ఎండకు పైతడి ఆరగానే మొక్క వాలిపోతుంది. మర్నాడు మళ్ళీ అదే తంతు. రోజుకు రెండుసార్లు పోస్తే రెండుసార్లూ నీళ్ళు ఆ దారినే పోతాయి.

ఇది మీ బుట్టలోనూ జరుగుతోందో లేదో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బుట్ట కింద ఖాళీ బకెట్ పెట్టి, సరిగ్గా ఒక లీటరు నీళ్ళు పోయండి. కారడం ఆగాక బకెట్‌లోని నీళ్ళను కొలవండి. ఎండిన బుట్టలో పోసిన లీటరులో ముప్పావు లీటరు కిందికి వచ్చేస్తే మీ సమస్య నీరు ఆరిపోవడం కాదు, నీరు లోపలికి ఇంకకపోవడం. పావు లీటరు లోపే కిందికి వచ్చి, అయినా సాయంత్రానికి ఎండిపోతుంటే అది నిజంగా ఆరిపోవడమే. అప్పుడు మీ దృష్టి ప్లాస్టిక్ పొర మీద, బుట్ట పరిమాణం మీద, గాలి మీద ఉండాలి. చాలా బుట్టల్లో రెండు లోపాలూ కలిసే ఉంటాయి, అయితే మొదటిది సరిచేయకుండా రెండోదాని జోలికి వెళితే ఫలితం కనబడదు.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. రాజమహేంద్రవరంలో ఒక ఉపాధ్యాయురాలు ఫిబ్రవరి చివరి వారంలో నన్ను పిలిచారు. పడమటి బాల్కనీ, మూడు పది అంగుళాల బుట్టలు, మూడింటిలోనూ పెటూనియాలే. నేను వెళ్ళేటప్పుడు సామాను తూచే కొక్కెం తూకం ఒకటి వెంట తీసుకెళతాను. మూడు వందల రూపాయల వస్తువు, బుట్టలు పెంచేవారికి చాలా ఉపయోగం. ఆమె పొద్దున నీళ్ళు పోసిన రెండు గంటలకు ఒక బుట్టను తూచాం. 1.6 కిలోలు ఉంది. బకెట్ పెట్టి లీటరు పోస్తే నిమిషంలోపే 750 మిల్లీలీటర్లు కిందికి వచ్చేశాయి. తరువాత అదే బుట్టను టబ్బులో అంచుదాకా ముంచి ఉంచాం. పది నిమిషాల దాకా బుడగలు వస్తూనే ఉన్నాయి. అరగంట తరువాత తీసి, కారడం ఆగేదాకా వేలాడదీసి మళ్ళీ తూచాం. 3.3 కిలోలు. అంటే కిలోన్నరకు పైగా నీరు పట్టగలిగే బుట్టలో ఆమె ఇన్నాళ్ళూ పావు లీటరే నింపుతూ వచ్చారు.

ఇక్కడితో ఆపలేదు. ఒక బుట్టకు లోపల ప్లాస్టిక్ పొర వేసి, రెండోదాన్ని అలాగే ఉంచి, రెండింటినీ నానబెట్టి పక్కపక్కనే వేలాడదీశాం. మర్నాడు అదే సమయానికి పొర లేని బుట్ట 900 గ్రాములు తగ్గింది. పొర ఉన్నది 550 గ్రాములు తగ్గింది. ఒక్క బాల్కనీలో ఒక్కరోజు చూసిన లెక్క ఇది, మీ దగ్గర అంకెలు వేరుగా ఉంటాయి. కానీ ఏ మార్పు ఎంత పని చేస్తుందో తెలియడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. బుట్టలో ఉన్న నీరంతా మొక్కకు అందదు. సుమారు సగం పోయేసరికే లేత ఆకులు వాలడం మొదలవుతుంది. ఆ లెక్కన పొర లేని బుట్ట ఒక్క రోజుకు సరిపోతుంది, పొర ఉన్నది ఒకటిన్నర రోజు దాకా నిలుస్తుంది.

పీచు తీసేయనక్కరలేదు. చూడడానికి బాగుంటుంది, వేడి నేరుగా తగలకుండా కాపాడుతుంది కూడా. దాని లోపం ఒక్కటే, చుట్టూ గాలి ఆడడం. లోపలి తేమను పీచు బయటి ముఖానికి లాగుతుంది, అక్కడ గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. ఎండాకాలంలో తడిగుడ్డ చుట్టిన కుండ చల్లబడేది ఇందువల్లే. కుండకు మేలు చేసే ఆ గుణమే బుట్టకు నష్టం చేస్తుంది.

ఎరువుల సంచిలోనో వర్మీకంపోస్ట్ సంచిలోనో ఉండే మందపాటి ప్లాస్టిక్ చాలు, శుభ్రంగా కడగండి. దాన్ని పీచు లోపల పరిచి, పై అంచుకు ఒక అంగుళం కిందిదాకా వచ్చేలా కత్తిరించండి. అంచుదాకా తెస్తే బయటికి కనబడుతుంది. అది కాక, పొరకూ పీచుకూ మధ్యలోకి నీళ్ళు పోయి మళ్ళీ వృథా అవుతాయి. పొరను పీచుకు బాగా అదిమి, మట్టి నింపేటప్పుడు మడతలు లేకుండా చూసుకోండి. మడతల్లో నీళ్ళకు మళ్ళీ దొంగదారులు ఏర్పడతాయి.

చిల్లుల విషయంలో జాగ్రత్త అవసరం. గోనె సంచులు కుట్టే దబ్బనంతో, అడుగునుంచి అంగుళం పైన, చుట్టూ ఎనిమిది పది చిల్లులు పొడవండి. సరిగ్గా అడుగున పొడవకండి. అంగుళం పైన పొడిస్తే అడుగున అంగుళం లోతు నీరు నిలిచి, వేళ్ళు మెల్లగా తాగుతాయి. ఇది ఎండాకాలపు ఏర్పాటు మాత్రమే. మీ బాల్కనీలోకి జల్లు కొడుతుందంటే, తొలకరికి ముందే అడుగున కూడా నాలుగైదు చిల్లులు పొడిచేయాలి. లేకపోతే జులైలో వేళ్ళు కుళ్ళుతాయి. కుళ్ళినప్పుడు కూడా ఆకులు వాలిపోతాయి, చూసినవారు నీళ్ళు చాలలేదని ఇంకా పోస్తారు. మట్టి తడిగా ఉండి ఆకు వాలుతూ, పసుపు రంగుకు తిరుగుతూ, మట్టిలోంచి పుల్లని వాసన వస్తుంటే అది దాహం కాదని గుర్తుపట్టండి. ప్లాస్టిక్‌కు బదులు గోనెపట్టా వేయమని కొందరు చెబుతుంటారు. గోనె కూడా పీచులాగే నీటిని బయటికి లాగుతుంది కాబట్టి దానివల్ల ప్రయోజనం లేదు.

ఇక మట్టి. బుట్ట తేలికగా ఉండాలని కొందరు కోకోపీట్, వర్మీకంపోస్ట్ తప్ప ఏమీ వేయరు. చల్లని ఊళ్ళలో అది నడుస్తుంది. మన కోస్తా ఎండలకు నేను కొంచెం ఎర్రమట్టి కలపాలనే చెబుతాను. కోకోపీట్ ఎండితే నీటిని మళ్ళీ అంది పుచ్చుకోవడానికి సమయం తీసుకుంటుంది. మట్టి రేణువులు తొందరగా తడిసి, చుట్టూ ఉన్న పొట్టుకు ఆ తడిని అందిస్తాయి. నల్లరేగడి మాత్రం వద్దు. ఎండితే పొలంలో నెర్రెలు వారినట్టే బుట్టలోనూ వారుతుంది, నీళ్ళన్నీ ఆ నెర్రెల్లోంచే పోతాయి.

పన్నెండు అంగుళాల బుట్టకు నా కొలత, అర లీటరు మగ్గుతో: నానబెట్టిన కోకోపీట్ ఐదు మగ్గులు, వర్మీకంపోస్ట్ మూడు, జల్లించిన ఎర్రమట్టి రెండు, పెర్లైట్ రెండు. పెర్లైట్ అనే ఆ తెల్లని తేలిక గుళికలు దొరకకపోతే కాల్చిన వరి ఊక వేసుకోవచ్చు. పచ్చి ఊక వేయకండి, అది కుళ్ళేటప్పుడు మొక్కకు అందవలసిన నత్రజనిని తినేస్తుంది. కోకోపీట్ ఇటుకను పూర్తిగా విచ్చుకునేదాకా నానబెట్టి, రెండుసార్లు నీళ్ళు మార్చి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. పొడి కోకోపీట్‌ను బుట్టలో వేసి పైనుంచి నీళ్ళు పోస్తే తడుస్తుందని అనుకోవద్దు. మీ కష్టాలు అక్కడే మొదలయి ఉండవచ్చు.

మరో సంగతి, మా ప్రాంతపు మొక్కలు కొనేవారందరికీ చెప్పవలసినది. నర్సరీ సంచుల్లో మొక్క వేరు చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో ముద్ద విరగకుండా ఉండాలని అలా పెంచుతారు. దాన్ని అలాగే తెచ్చి మెత్తని కోకోపీట్ మధ్యలో పెడితే, బుట్టలో రెండు రకాల మట్టి అవుతుంది. పోసిన నీరు చుట్టూ ఉన్న వదులు మిశ్రమంలోంచి దిగిపోతుంది, గట్టిపడిన ముద్ద మాత్రం తడవదు. వేలు పెట్టి చూస్తే చుట్టూ తడి తగులుతుంది, మొక్క మాత్రం వాలిపోయి ఉంటుంది. ఎంతోమంది దీన్ని తెగులనుకుని మందు కొట్టడం చూశాను. నాటే ముందు ఆ ముద్దను బకెట్ నీళ్ళలో పావుగంట ఉంచి, వేళ్ళు తెగకుండా బయటి మట్టిని మూడో వంతు వదులు చేసి నాటండి. ఇప్పటికే నాటేసి ఉంటే, సన్నని పుల్లతో మొక్క మొదలుకు రెండు వేళ్ళ దూరంలో నాలుగైదు చోట్ల లోతుగా గుచ్చి, తరువాత బుట్టను నానబెట్టండి.

నింపేటప్పుడు మట్టిని నడుమ గుట్టలా పోయకండి, నీళ్ళు అంచులకు జారిపోతాయి. చెట్టుకు పాదు చేసినట్టు నడుమ కొంచెం లోతుగా, అంచు వైపు కొంచెం ఎత్తుగా ఉండాలి. అంచునుంచి ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలండి. పోసిన నీరు ఆ పాదులో నిలిచి ఇంకడానికి చోటు కావాలి.

నీళ్ళు పోసే పద్ధతికి వస్తాను. ముందు ఒక గ్లాసు, నెమ్మదిగా, నడిమి భాగంలో పోయండి. ఆ గ్లాసు పైమట్టిని మెత్తబరచడానికి. పది నిమిషాలు వేరే మొక్కలు చూసుకుని వచ్చి, మిగిలినది కారేదాకా పోయండి. ఇప్పుడు కారినదాన్ని నమ్మవచ్చు. వారానికి ఒకసారి, ఆదివారమనుకోండి, టబ్బులో అరగంట నానబెట్టండి. బుడగలు ఆగితే ముద్ద నిండినట్టే. ఎండి రాయిలా అయిన బుట్టకైతే, మొదటిసారి ఒక కుంకుడుకాయ నానబెట్టిన నీటిని టబ్బు నీళ్ళలో కలుపుతాను. ఆ కొంచెం నురగకు నీరు పొట్టులోకి తొందరగా జొరబడుతుంది. ఒకసారి చాలు, ప్రతి వారం అక్కరలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆకు వాలగానే పరుగెత్తి నీళ్ళు పోయకండి. ఆ ఎండలో పెటూనియా తడిమట్టిలో కూడా వాలుతుంది, ఆకు వదిలేంత నీటిని వేరు ఆ వేగంతో అందించలేదు. సాయంత్రం ఆరింటికి తిరిగి లేచి నిలబడితే దానికి లోటు లేదు. లేవకపోతే బుట్టను కిందినుంచి అరచేత్తో ఎత్తి చూడండి. నిండుగా నానిన రోజు బరువు చేతికి ఒకసారి అలవాటైతే, తేలికైన బుట్ట అలా ఎత్తగానే తెలిసిపోతుంది. పైమట్టి రంగును చూసి నిర్ణయించేవారే ఎక్కువగా పొరపడతారు.

నీటిని పట్టుకునే జెల్ గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారు చేసిన పూసా హైడ్రోజెల్ కూడా ఆ కోవదే. నేను వాడి చూశాను. ముందు నీళ్ళలో ఉబ్బించి కలపాలి, పొడిగా వేస్తే తరువాత ఉబ్బి మట్టిని పైకి తోస్తుంది. బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువగా ఉంటే అది పట్టే నీరు బాగా తగ్గిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు అంచు సందులోంచి పోతున్న బుట్టలో జెల్ దగ్గరికి నీరు చేరనే చేరదు. పైన చెప్పినవన్నీ చేశాక ఇంకా అవసరమనిపిస్తే చూడండి. నేనయితే ఆ డబ్బుతో పెద్ద బుట్ట కొంటాను.

ఎందుకంటే పరిమాణం చేసే మేలు ఇంకేదీ చేయదు. అర్ధగోళం ఆకారంలో ఉండే పది అంగుళాల బుట్టలో పట్టేది సుమారు నాలుగు లీటర్ల మట్టి. పన్నెండు అంగుళాలదైతే దాదాపు ఏడు, పద్నాలుగైతే పదకొండు. రెండంగుళాల తేడాకు మట్టి ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతుంది. రాజమహేంద్రవరం బుట్టల్లో ఒకదాన్ని చివరికి పన్నెండు అంగుళాలదానికి మార్చాం, పైన చెప్పిన మిశ్రమంతో, ప్లాస్టిక్ పొరతో. నానబెట్టాక 6.1 కిలోలు తూగింది. మర్నాటికి 5.4, ఆ మర్నాటికి 4.7. ఆ రెండో రోజు సాయంత్రం కూడా మొక్కలు నిటారుగానే ఉన్నాయి. ఆమె మార్చి నెలంతా రోజు విడిచి రోజు నీళ్ళు పోశారు. అయితే ఆరు కిలోల బరువు గాలికి ఊగుతుంది కాబట్టి, కొక్కేన్ని పూత సిమెంటులో కాకుండా స్లాబులోకి బోల్టు దించి బిగించాలి.

మీది నాలుగో అంతస్తు, పడమటి ముఖం. అక్కడ ఎండ కన్నా గాలే ఎక్కువ ఆరబెడుతుంది. బుట్టను రెయిలింగు బయటి అంచునుంచి గోడవైపు రెండడుగులు లోపలికి జరపండి. వీలుంటే గొలుసు పొడిగించి, రెయిలింగు ఎత్తుకు దిగువన ఉండేలా వేలాడదీయండి. బుట్టలు దూరదూరంగా ఉన్నదానికన్నా దగ్గరదగ్గరగా ఉంటే నయం. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఒక నీడవల కట్టగలిగితే తేడా రెండు రోజుల్లోనే చేతి బరువులో తెలుస్తుంది.

ఒక హద్దు మాత్రం ముందే చెప్పాలి. పెటూనియా మన దగ్గర చలికాలపు మొక్క. నవంబరునుంచి మార్చి దాకా విరగబూస్తుంది. మేలో వడగాలి మొదలయ్యాక, మీరు ఏ పొర వేసినా, ఏ మట్టి కలిపినా పడమటి బాల్కనీలో అది నిలవదు. అది మీ తప్పు కాదు. ఏప్రిల్ మధ్యలో దాన్ని తీసేసి, అదే బుట్టలో టేబుల్ రోజ్ కొమ్మలు గుచ్చండి. దాని ఆకుల్లోనే నీరు నిల్వ ఉంటుంది, ఒక పూట మరచినా ఓర్చుకుంటుంది. నీడ ఎక్కువగా ఉండే చోటయితే మనీప్లాంటు వేసుకోండి. మే నెలలో నిండుగా పెరిగిన బుట్టకు రోజూ ఒకసారి నీళ్ళు పట్టడం మామూలే, దాన్ని లోపంగా చూడకండి.

బుట్ట పెట్టి ఆరేడు నెలలు దాటి ఉంటే ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. పీచుతో సహా ముద్దను పైకి లేపి చూస్తే మట్టి కన్నా వేళ్ళే ఎక్కువ కనబడవచ్చు. నీరు నిలవవలసిన చోటును వేళ్ళు ఆక్రమించేశాయన్నమాట. అలాంటి బుట్టకు పొరతో పని జరగదు, కొత్త మిశ్రమంలోకి మార్చవలసిందే.

బకెట్ పరీక్ష చేసి, పోసిన లీటరులో ఎంత కిందికి వచ్చిందో, మొక్క వేరు చుట్టూ బంకమట్టి ముద్ద ఉందో లేదో ఇక్కడ రాయండి. ఆ రెండూ తెలిస్తే ప్లాస్టిక్ పొరతో సరిపోతుందో, మొక్కను కదిలించి మట్టి మార్చాలో చెప్పగలను.